మార్చాల్సింది ఒక్క గంటే

ఉక్కునగరంలో టైము తెలియడానికి గోడ గడియారం అక్కర్లేదు, వీధిలోకి తొంగిచూస్తే చాలు. తెల్లవారి ఐదు దాటాక ఏ షిఫ్టు వాళ్లు బయల్దేరతారు. ఆరింటికి వాళ్లు ప్లాంటు లోపలికి వెళితే, రాత్రి పదింటికి ఎక్కిన సీ షిఫ్టు వాళ్లు కళ్లు నులుముకుంటూ బయటికొస్తారు. మధ్యాహ్నం రెండింటికి బీ షిఫ్టు. రాత్రి పదికి మళ్లీ మొదలు. బ్లాస్ట్ ఫర్నేసుకి ఆదివారం తెలియదు కాబట్టి ఊరికి కూడా పెద్దగా తెలియదు.

ఈ షిఫ్టుల లెక్క కార్మికుడి కంటే బాగా తెలిసినవాళ్లు ఒకరున్నారు. ఆ ఇళ్లలో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టే ఆడవాళ్లు. ఏ ఇంటాయన ఈ వారం సీ షిఫ్టులో ఉన్నాడో, ఏ పడగ్గదిలోకి మధ్యాహ్నం దాకా చీపురు వెళ్లకూడదో, ఏ ఇంట్లో స్టీలు గిన్నె చప్పుడైతే లోపలి నుంచి దగ్గు వినిపిస్తుందో వాళ్లకి కంఠతా వచ్చు. రోస్టరు ఎవరూ వాళ్లకి ఇవ్వరు. అయినా ఇంటావిడ మర్చిపోయిన రోజున ‘ఈయాల్టి నుంచి సారుకి నైటు కదమ్మా’ అని గుర్తు చేసేది వాళ్లే.

అలాంటి మనిషికి ‘వచ్చే నెల నుంచి తొమ్మిదికి కాదు, ఎనిమిదిలోపే రావాలి’ అని చెప్పడం ఇంటివాళ్లకి ఒక్క వాక్యం పని. ఆ వాక్యం అవతలి మనిషి రోజులో ఏం చేస్తుందో చూస్తే, దాన్ని ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో, అసలు చెప్పాలో అడగాలో తేలుతుంది.

ప్లాంటుకు ఉన్న నియమం, ఇంటికి లేని నియమం

ముందు చట్టం సంగతి. ఉక్కునగరం వాసులకి ఇది సగం తెలిసిన కథే. కార్మికుల పని వేళలు, విరామ సమయాలు, షిఫ్టుల తీరు మార్చి వాళ్లకి ఇబ్బంది కలిగించేలా ఉంటే యాజమాన్యం ముందుగా నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ సెక్షను చెప్పింది. నోటీసు ఇచ్చాక 21 రోజులు గడిచేదాకా ఆ మార్పు అమలు చేయకూడదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ 21 రోజుల్ని అలాగే ఉంచింది. ఈ మూడు వారాలు ఊరికే పెట్టినవి కావు. వేళ మారితే పిల్లల బడి, బస్సు, భార్య ఉద్యోగం, అమ్మానాన్నల మందులు అన్నీ కదులుతాయి. వాటిని సర్దుకోవడానికో, కుదరదని యూనియన్‌తో చెప్పించడానికో ఆ వ్యవధి.

ఆ నోటీసు బోర్డు చూసి ఇంటికొచ్చిన మనిషి ఇంట్లో, పనామెకి వేళ మార్పు ముప్పయ్యో తారీఖు సాయంత్రం చెప్పులేసుకుంటున్నప్పుడు తెలుస్తుంది. చట్టం దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. ఇల్లు పరిశ్రమ కాదు, కాబట్టి ఆ 21 రోజులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

అలాగని ప్రపంచం ఈ విషయం మీద అసలేమీ మాట్లాడలేదని కాదు. 2011 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని వాళ్ల కోసం 189వ ఒడంబడిక ఆమోదించింది. పని ఏమిటి, జీతం ఎంత, మామూలు పనివేళలు ఏవి, వారపు సెలవు ఎప్పుడు అన్నవి పనిచేసే మనిషికి అర్థమయ్యేలా ముందే చెప్పాలన్నది అందులో ఒక అంశం. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది, ధ్రువీకరణ మాత్రం చేయలేదు. పెళ్లికి అక్షింతలు వేసి భోజనానికి ఆగకుండా వచ్చేయడం లాంటిది ఇది. 2025 జనవరి 29న ఒక కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఇంటిపని వాళ్ల హక్కులకు ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. అలాంటి చట్టం వచ్చేదాకా ఇంట్లో నోటీసు వ్యవధి ఎంతో నిర్ణయించేది ఇంటివాళ్ల మర్యాదే.

మూడు వారాలన్న లెక్కని ఇంటికీ అరువు తెచ్చుకోవచ్చు. అది ఇక్కడ కూడా ఎందుకు సరిపోతుందో తెలియాలంటే పనామె పొద్దు ఎలా గడుస్తుందో చూడాలి.

నాలుగిళ్ల లెక్క

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. మనుషులు ఊహించినవాళ్లే కానీ ఇలాంటి పొద్దులు ఆ ఊళ్లో ఏ సెక్టారులో చూసినా కనిపిస్తాయి.

పనామెది పెదగంట్యాడ వైపు. పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి నాలుగిళ్లలో పని చేస్తుంది. మొదటి ఇంట్లో 6:30 నుంచి 7:30. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎనిమిదింటికి తాళం వేసి వెళ్లిపోతారు. రెండో ఇల్లు 7:40 నుంచి 8:50. అక్కడ పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడిన పెద్ద దంపతులు ఉంటారు. మూడో ఇల్లు 9:00 నుంచి 10:15. నాలుగోది 10:30 నుంచి 11:45. అక్కడి నుంచి ఇంటికి చేరి పన్నెండున్నర లోపు పొయ్యి వెలిగించాలి.

మూడో ఇల్లు మన కథలోది. ఇంటాయన షిఫ్టుల్లో తిరుగుతుంటాడు. ఇంటావిడకి కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ఒకటి నుంచి ఆమె 8:15కి గడప దాటాలి. పనామె తొమ్మిదింటికి వస్తే తలుపు తీసేవాళ్లు ఉండరు. ఇంటావిడ కాగితం మీద లెక్క వేసుకుంది. పని గంటంపావు. ఎనిమిదింపావుకి అయిపోవాలంటే ఏడింటికి రావాలి. ‘రెండు గంటలు ముందు రమ్మంటే సరిపోతుంది’ అని తేల్చేసింది. ఆమె కాగితం మీద ఉన్నది ఒక్క ఇల్లే కాబట్టి ఆ లెక్కలో తప్పు లేదు.

మిగతా మూడిళ్లనీ ఆ కాగితం మీదకి తెచ్చి చూస్తే ఏడింటికి ఆమె మొదటి ఇంట్లో ఉంటుంది. ఆ ఇల్లు కదలదు, వాళ్లకి ఎనిమిదింటికి తాళం పడాలి. పోనీ మన ఇల్లే మొదట చేయించుకుందామంటే 5:35కి రావాలి. అంటే ఐదింటికల్లా తన ఇంట్లోంచి బయటపడాలి. అప్పుడు తన పిల్లల్ని లేపి, తల దువ్వి, డబ్బా కట్టేదెవరు? ఆ వేళకి అటువైపు షేర్ ఆటో నిండుతుందా? నిండకపోతే ఆటో కదలదు. కదిలినా రెట్టింపు అడుగుతాడు.

ఇంత చిక్కు పడ్డ ఈ లెక్కకి తేలికైన జవాబు ఒకటుంది. రెండో ఇంటి పెద్దవాళ్లకి ఆమె 7:40కి వచ్చినా తొమ్మిదికి వచ్చినా ఒకటే. నిజానికి ఆయన వాకింగు నుంచి వచ్చి కాఫీ తాగాక గిన్నెలు పడితేనే వాళ్లకి నయం. కాబట్టి రెండో ఇంటినీ మూడో ఇంటినీ తారుమారు చేస్తే చాలు. మన ఇల్లు 7:40 నుంచి 8:55, పెద్దవాళ్ల ఇల్లు 9:05 నుంచి 10:15. మొదటి ఇల్లు, నాలుగో ఇల్లు ఇసుమంత కూడా కదలవు.

ఇంకో మెలిక మిగిలింది. 8:15 తర్వాత నలభై నిమిషాల పని ఉంటుంది, ఇంటావిడ ఉండదు. కింది అంతస్తు క్వార్టరు కాబట్టి వెనక వైపు పెరడు ఉంది, కుళాయి ఉంది. 7:40 నుంచి 8:15 దాకా లోపల ఊడ్చి తుడవడం. ఆ తర్వాత ఇంటావిడ తలుపు వేసుకుని వెళ్లిపోతే పెరట్లో గిన్నెలు, బట్టలు. తోమిన గిన్నెలు అక్కడే బుట్టలో బోర్లించి పైన ఏదైనా కప్పితే సరి. కప్పకపోతే కాకులు రెండోసారి తోమించే పని పెడతాయి. ఇంటాయనకి సీ షిఫ్టు ఉన్న వారం ఆయన పొద్దున్నే వచ్చి పడుకుంటాడు కాబట్టి ఆ గది ఊడ్పు ఇంటావిడ సాయంత్రం చూసుకోవాలి. ఆ వారం గిన్నెలు పెరట్లోనే పడతాయి కాబట్టి ఆయన నిద్రకీ మేలే.

ఈ జవాబు ఇంటావిడకి ఎన్ని కాగితాలు ఇచ్చినా తట్టదు. పెద్దవాళ్ల ఇంటి వేళ సాగుతుందని, మొదటి ఇంటి వేళ సాగదని తెలిసింది పనామెకి మాత్రమే. కాబట్టి వేళ మార్చేటప్పుడు ఆమెని అడగడం మర్యాద కోసమే కాదు, మన పని జరగడం కోసం కూడా. టైము మనం తేల్చేసి చెబితే జవాబు ఆమె దగ్గరే ఉండిపోతుంది. మన దగ్గరికి ‘సరేనమ్మా’ ఒక్కటే వస్తుంది.

మూడు వారాలు ఎందుకన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ఆమె పెద్దవాళ్లతో మాట్లాడాలి. వాళ్లు కుదరదంటే నాలుగో ఇంటిని అడగాలి. వాళ్లూ కుదరదంటే మన దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పాలి. అప్పుడు మనం ఇంకొకరిని వెతుక్కోవాలి, ఆమె ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. ఇళ్లు ఖాళీ అవడం, నిండడం అంతా ఒకటో తారీఖు చుట్టూ జరుగుతుంది. అందుకే నెల మొదటి వారం దాటకుండా చెబితే అందరికీ ఊపిరి ఆడుతుంది.

ఎప్పుడు చెప్పకూడదు

జీతం చేతిలో పెడుతూ చెప్పకూడదు. డబ్బు అందుకుంటున్న మనిషి చేతికి కాదనే శక్తి తక్కువ, ఆ క్షణాన ఏ మాటైనా షరతులాగే వినిపిస్తుంది. ఆమె మన దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే మరీను. అప్పు ఉన్నన్నాళ్లూ ఆమె సరేననడంలో ఎంత ఇష్టమో, ఎంత మొహమాటమో విడదీయడం కష్టం. అందుకే అలాంటప్పుడు ‘ఆ బాకీకీ దీనికీ సంబంధం లేదు’ అని నోరు తెరిచి చెప్పాల్సిందే. మనసులో అనుకుంటే చాలదు.

సంక్రాంతికి పది రోజుల ముందు చెప్పకూడదు. పండగ బట్టలు ఎగ్గొట్టడానికి ఎత్తుగడ అనుకుంటుంది. అలా అనుకోవడానికి కారణమైన ఇళ్లు ఆమె చూసే ఉంటుంది. ఆమె ఆలస్యంగా వచ్చిన రోజున, గ్లాసు పగిలిన రోజున కూడా చెప్పకూడదు. ఆ రోజు చెబితే అది వేళ మార్పుగా కాక శిక్షగా మనసులో పడుతుంది. పక్కింటావిడ గోడ మీద చేతులాన్చి కబుర్లు చెబుతున్నప్పుడు అసలే వద్దు. మన మాట మనం అనుకున్న చోటికి చేరకముందే సెక్టారంతా చేరుతుంది, అదీ పెరిగి.

చెప్పడానికి మంచి వేళ పని అయిపోయి, చేతులు తుడుచుకుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఐదు నిమిషాలు. నిలబెట్టి చెబితే ఏ మాటైనా ఉత్తర్వులాగే ఉంటుంది.

ఎలా చెప్పాలి

చాలామంది మర్యాదగా ఉండాలని ఆ ఒక్క రోజు పిలుపు మారుస్తారు. రోజూ ‘నువ్వు’ అనే మనిషిని హఠాత్తుగా ‘మీరు కూర్చోండి, మీతో మాట్లాడాలి’ అంటే ఆమె గుండె జారిపోతుంది. ఉద్యోగం తీసేసేటప్పుడు తప్ప ఇంత గౌరవం ఎవరూ చూపించరని ఆమె అనుభవం. రోజూ ఎలా పిలుస్తామో అలాగే పిలవాలి. వయసులో పెద్దదైతే పిన్నీ అనో అప్పా అనో, చిన్నదైతే అమ్మా అనో. ‘మీరు’ అలవాటు చేసుకోవాలనుకుంటే మంచిదే, వేరే నెలలో మొదలుపెట్టుకోవచ్చు.

మర్యాద మోసేది క్రియాపదం. ‘ఎనిమిదిలోపు రావాలి’ ఆజ్ఞ. ‘ఎనిమిదిలోపు వస్తావా?’ పైకి ప్రశ్నే గానీ అందులో కాదనడానికి చోటు లేదు. ‘ఎనిమిదిలోపు వచ్చేలా ఏమైనా వీలవుతుందా?’ అన్నదానికి మాత్రం ‘కాదమ్మా, ఎందుకంటే’ అని జవాబు చెప్పొచ్చు. ఆ ‘ఎందుకంటే’ తర్వాత వచ్చే మాటలే మనకి కావాల్సినవి. వాటిలోనే పెద్దవాళ్ల ఇంటి సంగతి ఉంటుంది.

మాటల వరస కూడా ముఖ్యమే. మొదట భయం తీయాలి, తర్వాత కారణం ఒక్క ముక్కలో చెప్పాలి, ఆపైన ఏది మారుతుందో ఏది మారదో చెప్పాలి, చివర ప్రశ్న. చాలామంది కారణంతో మొదలుపెట్టి పావుగంట తిరుగుతారు. వాళ్ల కొత్త స్కూలు, ఆ స్కూలు హెడ్మిస్ట్రెస్సు, ఆవిడ గారి స్వభావం అన్నీ అయ్యేదాకా పనామె ‘నన్ను మానేయమంటారా, లేదా’ అన్న ఒక్క ప్రశ్నతో కూర్చుని ఉంటుంది. ఆమె ఇంకేమీ వినడం లేదు.

మన కథలో ఇంటావిడ ఇలా అనొచ్చు:

‘పిన్నీ, కంగారు పడకు, నీ పనికేం ఢోకా లేదు. ఒక మాట అడగాలి. వచ్చే నెల ఒకటి నుంచి నాకు స్కూల్లో ఉద్యోగం. ఎనిమిదింపావుకి నేను వెళ్లిపోవాలి. అందుకని తొమ్మిదికి బదులు కాస్త ముందు వచ్చేలా నీకేమైనా కుదురుతుందా? పని అంతే, జీతం అంతే, ఆదివారం సెలవు అంతే. మిగతా ఇళ్ల వేళలు నీకు తెలుసు గదా, ఏ టైము అయితే నీకు ఇబ్బంది లేకుండా ఉంటుందో నువ్వే చూసి చెప్పు. ఇప్పుడే చెప్పక్కర్లేదు. వాళ్లనీ అడిగి ఆదివారం లోపు చెప్పినా చాలు.’

ఇందులో ‘నువ్వే చూసి చెప్పు’ అన్నది మొహమాటానికి అన్న మాటైతే అనకపోవడమే మేలు. ఆమె 7:40 అని చెప్పాక ‘అబ్బే, ఏడే కావాలి’ అంటే మొత్తం వరసంతా నాటకమని తేలిపోతుంది. మనకి కదలని హద్దు ఏదైనా ఉంటే దాన్ని ముందే పెట్టాలి. ఇక్కడ ఆ హద్దు 8:15. దాని ఇవతల ఎంతైనా బేరం ఉంది, అవతల లేదు.

ఎదురుగా కుదరక ఫోన్లో చెప్పాల్సి వస్తే వాట్సాప్‌లో రాసి పంపడం కంటే గొంతుతో రికార్డు చేసి పంపడం మంచిది. రాసిన మెసేజిని ఆమె పిల్లాడు చదివి వినిపిస్తాడు, వాడి గొంతులో మన మర్యాద ఎంత మిగులుతుందో చెప్పలేం. అయితే తేదీ, టైము మాత్రం కుదిరాక ఒకచోట రాసిపెట్టుకోవాలి. క్యాలెండరు మీద ఒకటో తారీఖు గడిలో ఇద్దరికీ కనిపించేలా రాస్తే ‘నేను అలా అనలేదు’ అన్న గొడవ రాదు.

డబ్బు మాట ఎప్పుడు తేవాలి

వేళ మార్పులు అన్నీ ఒకటి కావు. మన కథలోలాగా పని అంతే ఉండి గంట మాత్రమే జరిగితే జీతం మాట ‘అంతే’ అన్న ఒక్క మాటతో అయిపోతుంది. ఆమెకి ఆటో ఖర్చు పెరిగితే అది మనమే భరించాలి.

పని పెరిగితే వేరు. ‘ఇంకో అరగంట ఉండి వంటకి కూరగాయలు తరిగిపెట్టు’ అని అడిగేటప్పుడు పెంచే జీతం అదే వాక్యంలో రావాలి. జీతం మాట తర్వాత చూద్దాం అంటే ఆ ‘తర్వాత’ ఏ నెలలో వస్తుందో ఆమెకి బాగా తెలుసు. ఇక్కడ జీతాలు గంటల లెక్కన ఉండవు. అంట్లకి ఇంత, ఊడ్పు-తుడుపుకి ఇంత, బట్టలకి ఇంత అని పనుల లెక్కన ఉంటాయి. కాబట్టి ఏ పని కలుస్తోందో పేరు పెట్టి చెప్పాలి.

అన్నిటికంటే మోసం చేసేది పనిని రెండుగా విడగొట్టడం. ‘మొత్తం గంటే కదా, పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట రా’ అని అడిగేవాళ్లు దాన్ని మార్పుగానే లెక్కపెట్టరు, కూడిక సరిపోయింది కదా అని. ఆమెకి అది ఇంకో రాకపోక, ఇంకో ఆటో చార్జి, తన సాయంత్రం మొత్తం. మధ్యాహ్నం ఇంకో ఇంట్లో పని పట్టుకునే అవకాశం కూడా పోతుంది. రెండు పూటలు అడిగితే జీతం కనీసం ఆ రాకపోకలకి సరిపడా పెరగాలి. అంత ఇవ్వలేకపోతే సాయంత్రం గిన్నెలు మర్నాటిదాకా నానబెట్టుకోవడమే దారి. నానిన గిన్నె తోమడం ఆమెకీ సులువే.

పని తగ్గిస్తూ జీతం తగ్గించాలనుకుంటే ఆ మాట దాచకూడదు. వేళ మార్పు అని మొదలుపెట్టి ఒకటో తారీఖున తక్కువ డబ్బు చేతిలో పెడితే ఆ నెల పదిలోపు ఆమె మానేస్తుంది. కారణం చెప్పదు. ఊళ్లో ఎవరికో పెళ్లి అంటుంది.

‘సరేనమ్మా’ని ఎలా చదవాలి

జవాబులు నాలుగు రకాలు. ‘రెండో ఇంటోళ్లని అడిగి చెప్తానమ్మా’ అంటే ఆమె నిజంగా ఆలోచిస్తోంది, పని సగం అయినట్టే. ‘ఏడున్నరకైతే వస్తాను, ఏడుకి అవదు’ అంటే ఇంకా మంచిది, బేరం మొదలైంది. ‘చూస్తానమ్మా’ అంటే చాలావరకు కాదనే. మొహం మీద కాదనడం ఇష్టం లేక అన్న మాట అది. రెండు రోజులయ్యాక మనమే ‘కుదరకపోతే మొహమాటపడకు, వేరే దారి చూద్దాం’ అని తలుపు తీయాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది వెంటనే వచ్చిన ‘సరేనమ్మా’. నాలుగిళ్ల మనిషి ఒక ఇంటి వేళ మారుస్తూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదంటే రెండిట్లో ఒకటి. ఆ గంట ఎలాగూ ఖాళీ అయినా అయి ఉండాలి, లేదా ఆమె ఈ ఇల్లు వదిలేద్దామని అప్పుడే అనుకునైనా ఉండాలి. అప్పుడు ‘మరి రెండో ఇల్లు ఎలా చేస్తావు?’ అని అడగాలి. ఆమె దగ్గర జవాబు ఉంటే చింత లేదు. ‘ఏదోలా చూసుకుంటాలెండి’ అంటే ఆ ‘ఏదోలా’ మొదటి రెండు వారాల్లో బయటపడుతుంది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు ఆలస్యం. తుడుపు మూలల దాకా చేరకపోవడం. వారానికోసారి తన బదులు కూతురు రావడం. ఇవి నిర్లక్ష్యం గుర్తులు కావు, ఆ టైము కుదరలేదన్న గుర్తులు. తిట్టే ముందు వేళని మళ్లీ చూడాలి.

అందుకే మొదట్లోనే ‘రెండు వారాలు చేసి చూద్దాం, కుదరకపోతే మళ్లీ మాట్లాడుకుందాం’ అని ఒక మాట అనుకుంటే మంచిది. ఆ రెండు వారాలయ్యాక అడగాల్సింది మనమే. ఆమె తనంతట తాను వచ్చి ‘కుదరడం లేదమ్మా’ అనదు.

ఆమె కుదరదని తేల్చి చెప్పేస్తే, మూడు వారాల వ్యవధి ఇచ్చి ఉంటాం కాబట్టి ఇద్దరికీ దారి ఉంటుంది. ఆ నెల జీతం కోత లేకుండా ఇవ్వాలి. ఇంకో ఇల్లు చూసుకోవడానికి ఆమె పొద్దున ఒకటి రెండు రోజులు త్వరగా వెళ్తానంటే వెళ్లనివ్వాలి. అడ్వాన్సు బాకీ ఉంటే చివరి జీతంలో మొత్తం పట్టేయకుండా రెండు మూడు విడతలు ఇవ్వాలి. పక్క సెక్టారులో ఎవరికైనా మనిషి కావాలంటే ఆమె పేరు చెప్పాలి. ఆమె కూడా తన చోటికి తెలిసినవాళ్లని పంపుతుంది. ఊళ్లో పనివాళ్లు దొరికేది ఇలాగే.

ఈ నియమాలన్నీ రెండు వైపులా పనిచేస్తేనే నియమాలు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పొద్దున్నే వెళ్లి పన్నెండున్నరకి ఇంటికొచ్చేస్తారు. పనామె పిల్లలూ అంతే. అప్పుడు ఆమె ‘అమ్మా, వచ్చే నెల ఒక అరగంట ముందుగా వచ్చి ముందుగా వెళ్లిపోతాను, వీలవుతుందా?’ అని అడుగుతుంది. ముందు రోజే అడిగితే మనకి చిరాకేస్తుంది. ఆ చిరాకు న్యాయమైనదే. కానీ మూడు వారాల ముందు అడగడం ఎలాగో ఆమెకి తెలియాలంటే, మనం ఆమెని అలా ఒకసారైనా అడిగి ఉండాలి.